పాప బీటెక్‌కు నెలకు ఎంత దాచాలి?

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. మా ఆయన పొగాకు సాగు చేస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పాపకు ఎనిమిదేళ్లు, ఈ జూన్‌లో మూడో తరగతికి వెళ్తుంది. బీటెక్ చదివించాలని మా కోరిక. ఇప్పుడే నాలుగేళ్లకు పది లక్షలు అవుతోందట. అప్పటికి ఎంత అవుతుందో, నెలకు ఎంత దాచాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. మీకు డబ్బు కావలసింది బీటెక్‌కు కాదు, దానికి రెండేళ్ల ముందే, ఇంటర్‌కు. మన ఒంగోలు, నెల్లూరు వైపు పిల్లల్ని పదో తరగతి కాగానే విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో చేర్చడం మామూలైపోయింది. పోయిన వేసవిలో ఒక తండ్రి నా దగ్గరకు ప్లాస్టిక్ కవర్లో రశీదులు పట్టుకొచ్చారు. బీటెక్ కోసమని పదేళ్లుగా దాచిన డబ్బులో సగానికి పైగా ఇంటర్ రెండేళ్లకే అయిపోయింది. కాలేజీ ఫీజు ఒక రశీదు, హాస్టల్ ఒకటి, మెటీరియల్‌కు ఒకటి, యూనిఫాంకు ఇంకొకటి. చేరేటప్పుడు ఆయనకు చెప్పింది మొదటి రశీదులోని అంకె ఒక్కటే.

అందుకే ఇవాళ్టి ఖర్చును ఎవరో చెప్పిన మాట మీద వేయకండి. ఈ ఏడాదే పిల్లల్ని చేర్చిన ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లను అడిగి, ఏడాది మొత్తం మీద చేతి నుంచి పోయింది ఎంతో రాసుకోండి. ప్రస్తుతానికి నేను ఇంటర్‌కు ఏడాదికి లక్షన్నర, బీటెక్‌కు మీరు విన్నట్టే ఏడాదికి రెండున్నర లక్షలు అనుకుంటాను. రెండేళ్లకు 3 లక్షలు, నాలుగేళ్లకు 10 లక్షలు, కలిపి ఇవాళ్టి ధరల్లో 13 లక్షలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తే సంతోషమే, కానీ ఈ లెక్కలో వేయవద్దు. పాపకు ఏ కాలేజీలో ఏ కోటాలో సీటు వస్తుందో, అప్పటికి నిబంధనలు ఎలా ఉంటాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఖర్చు ఏడాదికి 8 శాతం పెరుగుతుందనుకుందాం. పాప ఇంటర్‌లో చేరేది ఎనిమిదేళ్ల తర్వాత. ఆ ఏడాది లక్షన్నర కాస్తా దాదాపు 2.78 లక్షలు అవుతుంది. బీటెక్ మొదటి ఏడాది 5.4 లక్షలు, చివరి ఏడాది 6.8 లక్షలు. ఆరేళ్లూ కలిపితే 30 లక్షల పైమాటే. ఈ అంకె చూసి గుండె జారిపోనివ్వకండి. అది ఒక్కరోజున కట్టేది కాదు, ఆరేళ్లలో విడతలుగా కట్టేది. పాప చదువుతున్నప్పుడు కూడా మీరు దాస్తూనే ఉంటారు. అంటే మీకున్న గడువు ఎనిమిదేళ్లు కాదు, పదమూడేళ్లు.

ఇక్కడ చేతిలెక్కకు ఒక సులువు ఉంది. మీ డబ్బు కూడా ఏడాదికి 8 శాతం పెరిగి, మీరు దాచేదాన్ని కూడా ఏటా 8 శాతం పెంచుకుంటూ పోతే, ఫీజు పెరుగుదల, వడ్డీ ఒకదానికొకటి సరిపోతాయి. ఇక ఇవాళ్టి ధరల్లోనే లెక్క వేసుకోవచ్చు. 13 లక్షలను 13 ఏళ్లతో భాగిస్తే మొదటి ఏడాదికి లక్ష రూపాయలు, నెలకు సుమారు 8,300. రెండో ఏడాది 9,000, మూడో ఏడాది 9,700, అలా చివరి ఏడాదికి 21,000 దాకా వెళ్తుంది. పెంచకుండా పదమూడేళ్లూ ఒకే మొత్తం కడతామంటే మొదటి నెల నుంచే 12,700 కట్టాలి. ఇప్పుడు అంత తీయడం మీకు కష్టం, అందుకే పెంచుకుంటూ పోయే దారే నా సలహా. డబ్బుకు 8 బదులు 6 శాతమే వచ్చినా మొదటి ఏడాది నెలకు 9,100 అవుతుంది, అంతే. ఎనిమిది వందల తేడా. ఈ లెక్కను దెబ్బతీసేది వడ్డీ తగ్గడం కంటే ఏటా పెంచడం మర్చిపోవడమే.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి? ఆడపిల్ల కాబట్టి చాలామంది మొత్తం సుకన్య సమృద్ధిలోనే వేయమంటారు. మంచి ఖాతానే. 2024 జనవరిలో వడ్డీ 8.2 శాతానికి పెంచారు, వడ్డీ మీద పన్ను లేదు, పదేళ్లు నిండేలోపు తెరవాలి కాబట్టి మీకు ఇంకా సమయం ఉంది. కానీ చదువు కోసం అందులోంచి తీయగలిగేది సగమే. పాప పది పాసైన తర్వాత గానీ 18 నిండిన తర్వాత గానీ, అంతకు ముందు మార్చి నెలాఖరుకు ఉన్న నిల్వలో 50 శాతం వరకు, అదీ కాలేజీ అడిగిన ఫీజు మేరకే ఇస్తారు. ఖాతా గడువు తెరిచిన నాటి నుంచి 21 ఏళ్లు, అంటే పాపకు 29 వచ్చేదాకా. అందుకని సుకన్యలో వేసిన ప్రతి రూపాయినీ చదువు లెక్కలో అర్ధరూపాయిగానే చూడండి. మిగతా సగం తర్వాత పాపకే ఉపయోగపడుతుంది.

మీ ఇంట్లో రాబడి రెండు రకాలు కాబట్టి పొదుపునూ రెండుగా విడదీయండి. మీ జీతం పడిన మరుసటి రోజే 5,000 ఇండెక్స్ ఫండ్ సిప్‌కు, అంటే షేర్ మార్కెట్ సూచీ వెంట నడిచే ఫండ్‌లో నెలనెలా వేసే పొదుపుకు, దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టుకోండి. ఏడాదికి 60,000. పొగాకు డబ్బు నెలనెలా రాదు, వేలం మొదలయ్యాకే వస్తుంది. బేళ్లు అమ్ముడై డబ్బు ఖాతాలో పడగానే, బ్యారన్ కట్టెల బాకీ తీర్చేటప్పుడే, 60,000 పక్కన పెట్టండి. అందులో 40,000 సుకన్యకు, 20,000 ఫండ్‌కు. చదువు లెక్కలో 60, 20, 20 వేలు కలిసి సరిగ్గా లక్ష అవుతుంది. సుకన్యలో నెల 5వ తేదీ దాటకుండా కట్టండి, దాటితే ఆ నెల వడ్డీ ఆ మొత్తానికి రాదు. ఇంటర్‌కూ, బీటెక్ మొదటి రెండేళ్లకూ ఫండ్‌లోంచి తీసి, సుకన్యలోని సగాన్ని మూడు, నాలుగో ఏడాదులకు అట్టిపెట్టండి.

పొగాకు రేటు పడిపోయిన ఏడాది ఉండనే ఉంటుంది. అప్పుడు సుకన్యలో కనీసం 250 కట్టి ఖాతా బతికించుకోండి, జీతంలోంచి వెళ్లే 5,000 మాత్రం ఆపకండి. ఆ లోటును మంచి రేటు వచ్చిన ఏడాది పూడ్చుకోవచ్చు, సుకన్యలో ఏడాదికి లక్షన్నర దాకా కట్టనిస్తారు.

ఫండ్ డబ్బు షేర్ మార్కెట్‌తో పాటు పడుతుంది, లేస్తుంది. 8 శాతం దానికి గ్యారంటీ కాదు. కాబట్టి పాప ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది నుంచి, ఏటా ఒక ఏడాది ఫీజు చొప్పున తీసి బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చండి. ఫీజు కట్టాల్సిన జూన్‌లోనే మార్కెట్ పడి ఉంటే, నష్టానికి అమ్ముకోవలసిన పని ఉండదు.

ఏటా జూన్‌లో లెక్క తిరగేయడానికి పది నిమిషాలు చాలు. ఆ ఏడాది కొత్తగా చేరిన వాళ్ల ఖర్చు కనుక్కోండి. దాన్నుంచి చదువుకు లెక్కలోకి వచ్చే మీ నిల్వ తీసేయండి, మిగిలిన ఏళ్లతో భాగించండి. ఉదాహరణకు మూడేళ్ల తర్వాత మొత్తం ఖర్చు 17 లక్షలని తేలింది, మీ దగ్గర మూడున్నర లక్షలు ఉన్నాయనుకోండి. తక్కువ పడింది పదమూడున్నర, మిగిలింది పదేళ్లు. ఆ ఏడాది నెలకు 11,250 వేయాలి. మామూలు పెంపు ప్రకారం వేయబోతున్నది 10,500 అయితే, ఆ 750 తేడాను అదే ఏడాది సర్దేయండి.