అమ్మాయి నోట్స్ అడిగిన నాన్నగారికి

"మేడమ్, మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఆరు వారాలుగా మీ దగ్గరకు కౌన్సెలింగ్‌కు తీసుకొస్తున్నాను. ఇంట్లో అడిగితే ఏమీ చెప్పదు. ఫీజు కట్టేది నేను, కన్నది మేము. మీరు రాసుకున్న నోట్స్ జిరాక్స్ ఇప్పించండి." – సఖినేటిపల్లి వైపు నుంచి ఒక తండ్రి

నాన్నగారికి నమస్కారం. మీ టెన్షన్ అర్థమైంది. ప్రతి వారం చెరువు పని వదిలేసి, పంటు మీద గోదారి దాటించి నర్సాపురం తీసుకొస్తున్నారు. అయినా నోట్స్ ఇవ్వలేను.

మొదటి రోజు ముగ్గురం కూర్చున్నాం, గుర్తుందా? నా పుస్తకం వైపు చూసి, "ఇది ఎవరికైనా చూపిస్తారా మేడమ్?" అని మీ ముందే అడిగింది. చూపించనన్నాను. మీరూ సరేనన్నారు. ఆ మాట మీదే తను నోరు విప్పుతోంది.

ఆ పుస్తకంలో ఉండేవి సగం సగం మాటలు, నా అనుమానాలు, తర్వాత తప్పని తేలినవి కూడా. కోపంలో అన్న ఒక్క వాక్యం కాగితం మీద చూస్తే, అదే తన మనసని మీరు అనుకుంటారు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక తల్లి ఏడిస్తే తట్టుకోలేక ఒక పేజీ చూపించాను. ఆ అబ్బాయి తర్వాత రెండుసార్లు వచ్చి, ఏమడిగినా "బాగానే ఉన్నాను" అన్నాడు. మూడోసారి రాలేదు. తప్పు నాదే. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచమంటుంది. అలాగని పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల సంరక్షణకు కావలసిన సమాచారాన్ని అమ్మానాన్నల దగ్గర దాచమనదు. సమస్య ఏమిటి, దేనిమీద పని చేస్తున్నాం, నిద్రా తిండీ ఎలా ఉన్నాయి, ఇంట్లో మీరేం చేయాలి, ఇవన్నీ నెలకోసారి కూర్చుని చెబుతాను. ఏం చెప్పబోతున్నానో ముందు తనతో మాట్లాడుకుంటాను. తన ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం తను వద్దన్నా ఆ రోజే, అర్ధరాత్రైనా, మీకు ఫోన్ చేస్తాను. ఎవరైనా లైంగికంగా వేధించారని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఈ హద్దులు తనకూ తెలుసు.

మీ వైపు నుంచీ ఒకటి గమనించండి. ఈలోపు చచ్చిపోవాలని ఉందన్నా, చేతుల మీద కొత్త గాట్లు కనిపించినా శనివారం దాకా ఆగకండి. వెంటనే నాకు చేయండి. నేను ఎత్తకపోతే 14416కి చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఎప్పుడైనా పలుకుతుంది. తనను ఒంటరిగా వదలకండి.

తిరిగి వెళ్లేటప్పుడు పంటు మీద "ఏం మాట్లాడావు?" అని అడగడం కొన్నాళ్లు ఆపండి. ఆకలేస్తోందా అని అడగండి చాలు. తను చెప్పడం మొదలుపెడితే సలహా ఇవ్వకుండా చివరిదాకా వినండి.

మీరు ఈ ఉత్తరం రాసిన సంగతి తనకు చెబుతాను. చాటుగా ఏదో నడిచిందని తర్వాత తెలిస్తే ఇద్దరినీ నమ్మదు. శనివారం అమ్మగారినీ తీసుకురండి. తను ఒప్పుకుంటే చివరి ఇరవై నిమిషాలు నలుగురం కూర్చుందాం. మీకు చెప్పాలనుకున్నది తన నోటితోనే చెబుతుంది.