పేరు మారిస్తే ఫాలోవర్లు పోరు, అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు కంగారు పడతారు

"మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి బీబీఏ చివరి సంవత్సరం. ఇంటర్ నుంచి మగ్గం వర్క్ బ్లౌజులకు ఇన్‌స్టా పేజీ నడుపుతోంది, 9 వేల మంది ఫాలోవర్లున్నారు. ఇప్పుడు పేజీ పేరు, హ్యాండిల్, లోగో అన్నీ మార్చేస్తానంటోంది. డిజైనర్ 45 వేలు అడుగుతున్నాడు. న్యూమరాలజీ ప్రకారం పేరులో ఇంకో 'a' పెట్టాలని మా బావగారు అంటున్నారు. ఉన్నవాళ్లు కూడా పోతే ఎలా? తను బ్రాండింగ్ కోర్సు అంటోంది, నేను ఎంబీఏ అంటున్నాను. ఏది మేలు?"

సర్, ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు, హ్యాండిల్, లోగో ఏది మార్చినా ఫాలోవర్లు, పోస్టులు, పాత మెసేజ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. జనం ఫాలో అయింది ఆ ఖాతాని. కొత్త పేరుతో కొత్త ఖాతా తెరిస్తేనే అందరినీ మళ్లీ మొదటి నుంచి పిలుచుకోవాలి. ఆ పని మాత్రం చేయనివ్వకండి.

పోయేది గుర్తు. నా దగ్గరకు వచ్చే ఒకమ్మాయి, ఈమె లాగే బ్లౌజుల పనే, శ్రావణమాసం ముందు ఒక్క రాత్రిలో పేరు, హ్యాండిల్, లోగో, వాట్సాప్ ఫొటో అన్నీ మార్చేసింది. అప్పటికి చేతిలో 23 ఆర్డర్లున్నాయి, అన్నిటికీ సగం డబ్బు ముందే తీసుకుంది. కస్టమర్లలో ఒకావిడ తన పట్టుబ్లౌజు గుడ్డ ఇచ్చి, వరలక్ష్మీ వ్రతానికి కావాలని చెప్పి వెళ్లింది. వారం తర్వాత రసీదు మీదున్న పాత హ్యాండిల్ టైప్ చేస్తే పేజీ లేదని వచ్చింది. ఫోన్ చేస్తే, మగ్గం మీద కూర్చున్న ఈ అమ్మాయి ఎత్తలేదు. ఆవిడ వెంటనే అపార్ట్‌మెంట్ గ్రూపులో 'ఈ పేజీ మోసం, జాగ్రత్త' అని పెట్టేసింది. గంటలో అదే అపార్ట్‌మెంట్ వాళ్లు ఆరుగురు గుడ్డలు వెనక్కి అడిగారు. ఫాలోవర్ల సంఖ్య మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు.

కాబట్టి మీరు చూసుకోవాల్సింది ఆ 9 వేల మందిని కాదు, ప్రస్తుతం డబ్బు ఇచ్చి ఎదురు చూస్తున్నవాళ్లని. వాళ్లందరికీ మార్పుకు ముందే అమ్మాయి స్వయంగా వాట్సాప్‌లో చెప్పాలి. 'అక్కా, మీ బ్లౌజు ఫలానా రోజుకి రెడీ, పేజీ పేరు మారుస్తున్నాం, ఫోన్ నంబరు ఇదే' అంటే చాలు. నంబరు ఎట్టి పరిస్థితిలోనూ మారకూడదు. పాత కస్టమర్ల ఫోన్లలో ఆమె ఏ పేరుతో సేవ్ అయి ఉందో ఆ పేరే కనబడుతూ ఉంటుంది, అంతకు మించిన గుర్తు లేదు. ఇంకో చిన్న సంగతి. క్యూఆర్ స్కాన్ చేస్తే మీ పేరో మీ శ్రీమతి పేరో వస్తుంటే, అది కూడా ఆ మెసేజ్‌లోనే చెప్పమనండి. కొత్త దుకాణం పేరు, తెలియని మనిషి పేరు ఒకేసారి కనబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఇక అసలు హ్యాండిల్ మార్చాలా? దీనికో పరీక్ష ఉంది. ఇప్పుడున్న హ్యాండిల్‌ని ఫోన్లో నోటితో చెప్పి, ముగ్గురిని టైప్ చేయమనండి. ముగ్గురూ సరిగ్గా కొడితే దాన్ని ముట్టుకోవద్దు, ఫొటో దగ్గర కనబడే డిస్‌ప్లే పేరు మార్చుకుంటే సరిపోతుంది. `chinni_maggam__07` లాంటిదైతే, రెండు అండర్‌స్కోర్లు ఎవరికీ చెప్పలేం, మార్చడం న్యాయమే. మీ బావగారి 'a' సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. సర్, కాస్త కటువుగా అంటున్నాను, క్షమించండి. కూతురు నాలుగేళ్లు సూది పట్టి నిలబెట్టిన పేరులో, జనం టైప్ చేయలేని అక్షరం ఇరికించడానికి మీకు మనసెలా వచ్చింది? ఆ అక్షరం వదిలేసి టైప్ చేసినవాళ్లకి ఆమె పేజీ దొరకదు, వేరెవరిదో దొరుకుతుంది.

కొత్త పేరు అనుకున్నాక ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లోని పబ్లిక్ సెర్చ్‌లో వెతికించండి. కుట్టుపని సేవలు 40వ తరగతిలో, రెడీమేడ్ దుస్తులు 25వ తరగతిలో వస్తాయి. అక్కడ అలాంటి పేరు ముందే ఉంటే, తర్వాత నోటీసు వచ్చి మళ్లీ మార్చాల్సి రావచ్చు. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. కర్ణాటక దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. డిజైనర్‌కి 45 వేలు ఇవ్వాలనుకునేవాళ్లు ముందు ఈ ఖర్చు పెట్టాలి.

మార్చే రోజులు ఆషాఢం మొదట్లో పెట్టుకోండి. అప్పుడు పెళ్లిళ్లుండవు, శ్రావణం ఆర్డర్లు ఇంకా ఊపందుకోవు. మొదటి రెండు వారాలు ఏదీ మార్చకుండా స్టోరీల్లో చెబుతూ ఉండాలి. తర్వాత డిస్‌ప్లే పేరులో కొత్త పేరు, పాత పేరు పక్కపక్కనే పెట్టాలి. ఆ పేరుని 14 రోజుల్లో రెండుసార్లకు మించి మార్చనివ్వరు కాబట్టి స్పెల్లింగ్ ముందే ఖాయం చేసుకోవాలి. ఆ తర్వాత లోగో. ఫోన్లో లోగో చిటికెన వేలి గోరంత కనబడుతుంది, అక్షరాలు ఎవరూ చదవరు, రంగునే గుర్తుపడతారు. ఇన్నాళ్లూ మెరూన్ ఉంటే మెరూన్‌నే ఉంచి, లోపలి బొమ్మ మార్చుకోమనండి.

హ్యాండిల్ అన్నిటికంటే చివర, మరో పది రోజులు ఆగి. మార్చగానే పాత హ్యాండిల్‌తో ఉన్న లింకులు పనిచేయవు. విజిటింగ్ కార్డు, రసీదు పుస్తకం, వాట్సాప్ కేటలాగ్, గూగుల్ మ్యాప్స్ పేజీ, పాత లింకు ఎక్కడెక్కడ ఉందో ముందురోజే రాసుకోవాలి. గూగుల్‌లో కొత్త పేజీ తెరవకుండా ఉన్నదాంట్లోనే పేరు సవరిస్తే రివ్యూలు అలాగే ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్ పాత హ్యాండిల్‌ని సాధారణంగా 14 రోజులు పట్టి ఉంచుతుంది, మనసు మారితే వెనక్కి వెళ్లొచ్చు. ఆ గడువు దాటాక దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. అందుకే 15వ రోజు పొద్దున్నే ఇంకో ఖాతాతో అమ్మాయే దాన్ని తీసుకునే ప్రయత్నం చేయాలి. దొరికితే 'మేం ఇక్కడికి మారాం' అని ఒకే ఒక్క పోస్టు పెట్టి వదిలేయాలి. దొరకకపోతే, ఆ పేజీ తనది కాదని స్టోరీలో, వాట్సాప్‌లో చెప్పాలి. బయోలో పాత పేరు మాత్రం ఏడాదిపాటు ఉండాలి.

అంతా సవ్యంగా ఉందో లేదో 'మీరేనా పాత పేజీవాళ్లు?' అనే మెసేజ్‌లు లెక్కపెడితే తెలుస్తుంది. మొదటి వారం రావడం సహజం. మూడో వారంలోనూ అలాగే వస్తుంటే పాత పేరుని ఇంకా ముందుకు తేవాలి.

బ్రాండింగ్ కోర్సు గురించి నాకు నిజంగా అనుమానాలున్నాయి. ఈ మధ్య నా దగ్గరకు వస్తున్న పిల్లల్లో చాలామంది చేతిలో ఆ సర్టిఫికెట్ ఉంది. లోగో గీయడం, రీల్ కత్తిరించడం వచ్చు. ఒక్క కస్టమర్ కోపాన్ని ఎదుర్కొన్న అనుభవం లేదు. మీ అమ్మాయికి నాలుగేళ్లుగా ఉన్నది అదే. ఈ మార్పుని తేదీలతో, మెసేజ్‌లతో రాసి పెట్టుకుంటే రేపు ఎంబీఏ ఇంటర్వ్యూలో ఆ కాగితాలే మాట్లాడతాయి. ఎంబీఏకి పీజీసెట్ రాయించండి, అభ్యంతరం లేదు. పని చేసుకుంటూ రాయొచ్చు.

మీ ఉత్తరంలో ఫాలోవర్ల లెక్క ఉంది, డిజైనర్ అడిగిన డబ్బు ఉంది. ఆమె నెలకు ఎన్ని బ్లౌజులు పంపుతోందో, చేతికి ఎంత మిగులుతోందో లేదు. ఈ ఆదివారం ఆమె ఆర్డర్ పుస్తకం తెచ్చుకుని పక్కన కూర్చోండి. అందులో డెలివరీ కావాల్సినవాళ్ల పేర్లు ఇద్దరూ కలిసి రాస్తే, ముందుగా కబురు పంపాల్సినవాళ్ల జాబితా అదే అవుతుంది.