అంకెలు కూడితే భాగహారం ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ పూర్తి చేసి, హనుమకొండలో రూము తీసుకొని రైల్వే, గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. 3, 9, 11 భాజనీయతా సూత్రాలు గడగడా చెప్తాడు కానీ, ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే తప్పు పెడుతున్నాడు. అంకెలు కూడితే ఎందుకు సరిపోతుందని అడిగితే జవాబు లేదు. కోచింగ్ మార్పించమంటారా?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: ఇప్పుడే మార్పించకండి. ముందు ఆ 'ఎందుకు' అన్నదానిని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. దానికి ఒక గంట చాలు.

ఎనుమాముల మార్కెట్‌లో 473 మిర్చి బస్తాలు ఉన్నాయనుకోండి. వందేసి బస్తాల దొంతులు నాలుగు, పదేసి బస్తాల వరుసలు ఏడు, విడిగా మూడు బస్తాలు. ఒక్కో ట్రాలీ ఆటోలో సరిగ్గా తొమ్మిది బస్తాలే ఎక్కించాలి. పది బస్తాల వరుస నుంచి తొమ్మిది తీసుకుంటే ఒకటి మిగులుతుంది. వంద బస్తాల దొంతి నుంచి పదకొండు ఆటోలు నింపితే 99 పోయి, అక్కడా ఒకటే మిగులుతుంది. అంటే దొంతుల దగ్గర నాలుగు, వరుసల దగ్గర ఏడు, విడివి మూడు, మొత్తం 14 బస్తాలు మిగిలాయి. మనం 'అంకెల మొత్తం' అని పిలుస్తున్నది ఈ మిగిలిన బస్తాలనే. అందులోంచి ఇంకొక ఆటో నింపితే చివరికి ఐదు మిగులుతాయి. 473ను 9తో భాగిస్తే వచ్చే శేషం కూడా 5 మాత్రమే. వెయ్యిలోనూ 999 పోగా ఒకటే మిగులుతుంది కనుక సంఖ్య ఎంత పెద్దదైనా ఈ లెక్క చెల్లుతుంది. తొమ్మిదేసి వెళ్లిన బస్తాలను మూడేసిగా కూడా పంచవచ్చు కాబట్టి 3కు వేరే కారణం వెతకనవసరం లేదు.

ఇప్పుడు ఆటోకు పదకొండు బస్తాలు అనుకుందాం. వందలో 99 పోగా ఒకటి మిగులుతుంది కానీ, పది బస్తాల వరుసకు ఒక ఆటో కేటాయిస్తే ఒక బస్తా తక్కువ పడుతుంది. ఏడు వరుసలకు ఏడు బస్తాల లోటు. దొంతుల నుంచి మిగిలిన నాలుగు, విడిగా ఉన్న మూడు కలిసి ఆ ఏడింటినీ సరిగ్గా పూడుస్తాయి. 473 అంటే 11 × 43. వెయ్యికి మళ్లీ ఒకటి లోటు (1001 = 11 × 91), పదివేలకు మళ్లీ ఒకటి మిగులు. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఒక అంకెను కూడి, తర్వాతిదాన్ని తీసివేస్తూ పోవడానికి కారణం ఇదే.

మీ అబ్బాయి తప్పుతున్నది బహుశా ఇలాంటి ప్రశ్న దగ్గర కావచ్చు: 6a43b అనే ఐదంకెల సంఖ్య 99తో నిశ్శేషంగా భాగించబడితే a, b ఎంత? తొమ్మిది సూత్రం ప్రకారం 13 + a + b అనేది 9 గుణిజం కావాలి కనుక a + b విలువ 5 లేదా 14. పదకొండు సూత్రం ప్రకారం b − 3 + 4 − a + 6, అంటే b − a + 7, 11 గుణిజం కావాలి. 'తేడా సున్నా రావాలి' అని మాత్రమే బట్టీ పట్టినవారు b − a = −7 అని రాసుకుంటారు; అప్పుడు మొత్తం 5 అయితే b విలువ −1 వస్తుంది, 14 అయితే పూర్ణాంకమే రాదు. దాంతో ప్రశ్నలోనే తప్పుందనుకొని వదిలేస్తారు. తేడా 11 కూడా కావచ్చని గుర్తుంటే b − a = 4 అవుతుంది; మొత్తం 14తో కలిపి చూస్తే a = 5, b = 9. సంఖ్య 65439, అంటే 99 × 661.

ఇంకొక పొరపాటు నేను తరచూ చూస్తుంటాను. 3కు, 9కి పనిచేసింది కదా అని 27కు కూడా అంకెల మొత్తాన్నే చూస్తారు. 1899లో అంకెల మొత్తం 27. కానీ ఆ సంఖ్యను 27తో భాగిస్తే 9 మిగులుతుంది. పదిలోంచి 27 తీయలేము, వందను 27తో భాగిస్తే మిగిలేది ఒకటి కాదు, 19. అలాంటప్పుడు అంకెలను ఊరికే కూడితే అర్థం లేదు.

అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు అదే 473 ఇచ్చి, ఆటోకు ఏడు బస్తాలైతే చివరికి ఎన్ని మిగులుతాయో భాగహారం చేయకుండా చెప్పమనండి. వంద దగ్గర రెండు, పది దగ్గర మూడు మిగులుతాయని తనంతట తాను కనిపెట్టి, 8 + 21 + 3 కూడి, ఆ 32లోంచి 28 తీసి నాలుగు అని చెప్పగలిగితే, ఇప్పుడున్న కోచింగ్‌లోనే కొనసాగనివ్వండి. ఏడుకు సూత్రం ఏమిటని మిమ్మల్నే ఎదురడిగితే, మార్చాల్సింది కోచింగ్‌ను కాదు, చదివే పద్ధతిని.