పెట్టుబడి శాతం ప్రకారం లాభాల పంపకం

ప్రశ్న: ముగ్గురం కలిసి వ్యాపారం మొదలుపెట్టాం. నేను 5 లక్షలు, మిగతా ఇద్దరు 3, 2 లక్షలు పెట్టారు. మధ్యలో ఒకరు ఇంకొంత డబ్బు వేస్తే లాభం ఎలా పంచుకోవాలి?

ముందు కాగితం రాసుకున్నారా లేదా చూసుకోండి. 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వాటాల గురించి ఒప్పందం ఏమీ లేకపోతే ఎవరు ఎంత పెట్టారన్న దాంతో పనిలేదు, లాభమైనా నష్టమైనా సమానంగానే పంచుకోవాలి. కొట్లో కూర్చుని పనిచేసే భాగస్వామికి జీతం కూడా, ఒప్పుకుంటేనే వస్తుంది. పెట్టుబడి ప్రకారం పంచుకోవాలని ఒప్పందం ఉంటే మీ వాటాలు 50, 30, 20 శాతం.

మధ్యలో డబ్బు వేసిన చోటే మాకు గొడవైంది. నేను, మా బావ, ఒక స్నేహితుడు కలిసి పల్లీ నూనె గానుగ పెట్టాం. ఏప్రిల్‌లో నేను 4 లక్షలు, బావ 4 లక్షలు, స్నేహితుడు 1 లక్ష పెట్టాం. అక్టోబరు మొదట్లో కొత్త పల్లీలు కొనడానికి స్నేహితుడు ఇంకో 2 లక్షలు తెచ్చాడు. మార్చిలో లెక్క చూస్తే ఖర్చులన్నీ పోను 4,80,000 మిగిలింది. రోజూ గానుగ దగ్గరుండేది బావే కాబట్టి ముందే రాసుకున్నట్టు నెలకు 15,000 చొప్పున 1,80,000 ఆయన జీతం కింద తీసేశాం. పంచాల్సింది 3 లక్షలు.

స్నేహితుడు "మొత్తం 11 లక్షల్లో నావి 3" అన్నాడు. అలా చూస్తే అతనికి దాదాపు 82 వేలు. బావేమో "మొదట పెట్టింది 9లో 1 కదా" అన్నాడు, అంటే 33 వేలు. ఆ రాత్రి ఇద్దరూ అన్నం కూడా సరిగా తినలేదు, నాకు చాలా బాధేసింది. మర్నాడు మా లెక్కలు చూసే ఆయన డబ్బును నెలలతో గుణించమన్నాడు. నాది 4 లక్షలు 12 నెలలు, 48. బావదీ 48. స్నేహితుడిది 1 లక్ష 6 నెలలు, ఆ తర్వాత 3 లక్షలు 6 నెలలు, అంటే 6, 18 కలిపి 24. మొత్తం 120. వాటాలు 40, 40, 20 శాతం. నాకు, బావకు చెరో 1,20,000, స్నేహితుడికి 60,000. ఇద్దరూ ఒప్పుకున్నారు. నా దృష్టిలో ఇదే న్యాయమైన పద్ధతి.

అయితే లాభం 3 లక్షలున్నా గల్లాపెట్టెలో, బ్యాంకులో కలిపి లక్షకు కొంచెం పైనే ఉంది. మిగతాదంతా గోడ పక్కన పేర్చిన పల్లీ బస్తాల్లో ఇరుక్కుంది. అందుకే లక్ష మాత్రమే అదే నిష్పత్తిలో 40, 40, 20 వేలుగా తీసుకుని, మిగిలిన 2 లక్షలు ఎవరి వాటా వారి పెట్టుబడికి కలిపి రాశాం. మీరూ మార్చి 31న మిగిలిన సరుకుకు కొన్న ధర వేసి లెక్కలో చూపండి. అమ్ముడుపోకుండా పాడైపోయే సరుకైతే ఆ ధర కూడా వేయొద్దు, ఎంతకు పోతుందో అంతే వేయండి.

కొత్తగా వేసే డబ్బు పెట్టుబడో, అప్పో ఆ రోజే తేదీతో పుస్తకంలో రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి. అప్పు అనుకుంటే వడ్డీ ఇస్తే చాలు, వాటాలు మారవు.