క్రియ దొరికాకే నోరు తెరువు

చిన్నీకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నలుగురి ముందు మాట్లాడేటప్పుడు ఊతపదాలు ఎలా మానాలని అడుగుతూ నువ్వు పంపిన నీ మాటల రికార్డు మూడుసార్లు విన్నాను. మొదటిసారి విషయం కోసం, రెండోసారి ఊతపదాల కోసం, మూడోసారి అవి సరిగ్గా ఎక్కడెక్కడ పడుతున్నాయో పట్టుకోవడం కోసం. రెండు నిమిషాల్లో ‘అంటే’ 11 సార్లు వచ్చింది, ‘అన్నమాట’ 6 సార్లు. వీటి సంగతి నీకూ తెలుసు, అందుకే కదా నాకు రాశావు. నీ చెవికి ఆననిది ఇంకొకటి ఉంది. ‘నిన్నా...’, ‘కాబట్టీ...’, ‘చూసీ...’ అంటూ మాట చివర సాగదీయడం 14 సార్లు జరిగింది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక సాగదీయడం మనకు మరీ సులువు. ‘అంటే’ను మానేసినవాళ్లు కూడా ఈ సాగదీతను మోస్తూనే ఉంటారు, ఎందుకంటే దాన్ని ఎవరూ ఊతపదంగా లెక్కపెట్టరు. నువ్వు లెక్కపెట్టు.

నీ మాటల్లో ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్లు కాగితం మీద పెట్టాను:

‘అంటే ఇప్పుడూ... మనం పోయిన నెలా... ఈ పని మొదలుపెట్టినప్పుడూ... ఏమిటంటే, మనుషులు తక్కువగా ఉన్నారన్నమాట, కాబట్టీ... ఆ... ఆలస్యమైంది కదా, అంటే...’

చివరి ‘అంటే’ చూడు. వాక్యం అయిపోయింది. తర్వాతి వాక్యం నీ దగ్గర ఇంకా తయారుకాలేదు. అయినా నోరు మూతపడలేదు, గొంతు ఏదో ఒకటి పలుకుతూనే ఉంది. మధ్యలోని సాగదీతలన్నింటికీ కారణం మరొకటి. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ‘పోయిన నెల’ అని మొదలుపెట్టేటప్పటికి నువ్వు చేరవలసిన క్రియ ఏదో నీకు తెలియదు. అది దొరికే దాకా ముందున్న మాటలను సాగదీస్తూ కాలం గడుపుతున్నావు. అందుకని నేను చెప్పే పద్ధతి ఒక్కటే. వాక్యం ముగియగానే పెదవులు మూసుకో. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చుకో. ఆ గాలి నిండేలోపు తర్వాతి వాక్యం ఏ క్రియతో ముగుస్తుందో నిర్ణయించుకో. అది దొరికాకే నోరు తెరువు.

గాలి పీల్చుకోమనడం ప్రశాంతత కోసం కాదు. మనం మాట్లాడేది గాలి వదులుతూ. పెదవులు మూసి గాలి లోపలికి తీసుకుంటున్నంతసేపు ‘అంటే’ అనడం కుదరదు. ‘ఊతపదం వాడను, వాడను’ అని మనసులో అనుకోవడం కంటే ఇది ఎంతో సులువు. నోటికి చేయవలసిన పని ఒకటి దొరుకుతుంది, వద్దనుకున్న పనికి చోటుండదు.

నీ వాక్యాన్ని అలా చెబితే ఇలా ఉంటుంది. గీత ఉన్నచోట చిన్న విరామం, రెండు గీతలు ఉన్నచోట గాలి పీల్చుకునేంత విరామం:

‘పోయిన నెల ఈ పని మొదలుపెట్టినప్పుడు | మనుషులు తక్కువగా ఉన్నారు. || అందువల్ల ఆలస్యమైంది. ||’

విరామాలు ఎక్కడ పెట్టానో గమనించు. క్రియ పూర్తయ్యాక పెద్దది. ‘మొదలుపెట్టినప్పుడు’ లాంటి అసమాపక భాగం ముగిశాక చిన్నది. ‘ఈ’కీ ‘పని’కీ మధ్య, ‘తక్కువగా’కీ ‘ఉన్నారు’కీ మధ్య ఏమీ లేదు. అక్కడ ఆగితే వినేవాళ్లు నువ్వు మాట మరిచిపోయావనుకుంటారు. ఎంతసేపు ఆగావన్నదాని కంటే ఎక్కడ ఆగావన్నదే ముఖ్యం.

ఇక అభ్యాసం. రోజుకు పది నిమిషాలు చాలు. చీటీల మీద నీ పనికి సంబంధించిన ప్రశ్నలు రాసిపెట్టుకో. ఒక చీటీ తీసి, చదివి, వెంటనే జవాబు మొదలుపెట్టకుండా ఒక శ్వాస తీసుకుని, నిమిషంపాటు చెప్పి ఫోనులో రికార్డు చెయ్యి. తర్వాత విని, సాగదీతలతో సహా ప్రతి పొల్లూ రాయి. రాయడం విసుగు, నాకు తెలుసు. కానీ వింటున్నప్పుడు చెవి ఊతపదాలను వడకట్టేస్తుంది, రాసే చెయ్యి వడకట్టదు. మొదటి వారం ఒక్క ‘అంటే’ను మాత్రమే పట్టుకో. అన్నింటినీ ఒకేసారి తరిమితే నీ దృష్టంతా నోటి మీదే ఉండి, చెప్పవలసిన విషయం చెదిరిపోతుంది.

ముందే చెబుతున్నాను, ఆ విరామాలు నీకు భరించలేనంత పొడవుగా అనిపిస్తాయి. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో, నల్లబల్ల ముందు ఒకసారి ఆగి, పిల్లలంతా నా వైపే చూస్తుంటే ఎంతోసేపు గడిచిపోయిందనుకుని కంగారుగా ‘అయితే... మరి...’ అని అందుకున్నాను. వెనక కూర్చుని గమనించిన పెద్ద ఉపాధ్యాయురాలిని తర్వాత అడిగితే, ‘నువ్వు ఆగావా?’ అన్నారు. నీ విరామాన్ని మనసుతో కొలవకు, రికార్డులోని గడియారంతో కొలువు. నాలుగు సెకన్లనుకున్నది చాలాసార్లు ఒక సెకనే అయి ఉంటుంది.

రెండు పొరపాట్లు వస్తాయి, కనిపెట్టి ఉండు. ఒకటి, ‘అంటే’ వెళ్లిన చోట ‘మరి’ వచ్చి కూర్చుంటుంది. అలా జరిగిందంటే నోరు మూయకుండా మాటను మాత్రమే మార్చావన్నమాట. రెండోది, నోటితో గుక్క తీసుకోవడం. మైకు ముందు అది ఊతపదం కంటే పెద్దగా వినిపిస్తుంది. అందుకే ముక్కుతో అన్నాను. విరామంలో కళ్లను కూడా నిలుపు. నువ్వు పైకప్పు వైపు చూస్తే వెతుక్కుంటున్నట్లుంటుంది. అదే విరామంలో ఒక మనిషి ముఖం చూస్తే, చెప్పినది వాళ్లకు చేరడానికి సమయం ఇచ్చినట్లుంటుంది.

ఇదంతా నువ్వు ఒక్కదానివే నిలబడి చెప్పే సందర్భాలకు. పిచ్చాపాటీకి దీన్ని మోసుకెళ్లకు. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒకరు ప్రశ్న ముగించాక మరొకరు జవాబు అందుకోవడానికి పట్టే విరామం సగటున సెకనులో అయిదో వంతు ప్రాంతంలోనే ఉంది. అంత దగ్గరగా మాటలు మారేచోట నువ్వు ఒక సెకను మౌనంగా ఉంటే నీ వంతు అయిపోయిందని అవతలివాళ్లు అందుకుంటారు. అక్కడ ‘అంటే’ అన్న చిన్న మాట ‘నేనింకా ముగించలేదు’ అని చెప్పే పని చేస్తుంది, దాన్ని ఉండనీ. ఫోనులో అయితే ముఖం కూడా కనిపించదు, మౌనం వింటే లైను తెగిందనుకుంటారు. ఎక్కువసేపు కావాలంటే ‘ఒక్క క్షణం, ఆలోచించి చెబుతాను’ అని పూర్తి వాక్యం చెప్పి ఆగు.

వచ్చే ఆదివారానికి రెండు నిమిషాల రికార్డు ఒకటి, నువ్వు చేత్తో రాసిన దాని ప్రతి ఒకటి పంపు. విషయం అదే ఉండనీ, పోయిన నెల ఆలస్యం గురించే చెప్పు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ప్రేమతో,
పెద్దమ్మ