గల్లా ఒకటే అయినా ఎవరి ఖాతా వాళ్ళకుండాలి

ప్రశ్న: నాన్నగారు పెట్టిన ఎరువుల కొట్టు నేనూ అన్నయ్యా నడుపుతున్నాం, ఇల్లూ ఒకటే. అన్నయ్య ఎప్పుడు కావాలంటే అప్పుడు గల్లాలోంచి తీసేసుకుంటాడు, అడిగితే ఇంట్లో మాటల్లేవు. విడిపోకుండా దారుందా?

మాది అమలాపురం దగ్గరండి, మాదీ ఎరువులు పురుగుమందుల కొట్టే. అన్నయ్య కొట్లో కూర్చుంటాడు, నేను వసూళ్ళకి ఊళ్ళు తిరుగుతా. మా వ్యాపారంలో గొడవలు కోతలయ్యాకే మొదలవుతాయి. సార్వా అంతా రైతులు అరువు మీద పట్టుకెళ్ళి, ధాన్యం డబ్బులు పడ్డాక ఒక్కసారే కడతారు కదా, అప్పుడు గల్లా నిండా డబ్బు చూసి అదంతా లాభమే అనిపిస్తుంది, ఫీజుకో బంగారానికో తీసేస్తాం. అందులో చాలావరకు హోల్‌సేల్ వాళ్ళకి కట్టాల్సిన సరుకు డబ్బే. వాళ్ళు బాకీ అడిగే రోజున మొదలవుద్ది నువ్వు తీశావంటే నువ్వు తీశావని.

అందుకని మేం చెరో 25,000 నెలజీతం పెట్టుకున్నాం. అది దాటి పైసా తీసినా తీసినోడి సొంత వాడకం ఖాతాలో ఆ రోజే ఎక్కాలి. పోయినేడు లాభం 9 లక్షలు తేలింది, చెరిసగం నాలుగున్నర. అన్నయ్య అప్పటికే కూతురి కాలేజీకి 1,80,000 తీసున్నాడు, అది పోను 2,70,000 ఆయనకి వచ్చింది. నేను 40,000 వాడుకున్నా, నాకు 4,10,000. లెక్క మార్చి 31కే కట్టినా డబ్బు మాత్రం దాళ్వా బాకీలు వచ్చాక జూన్‌లోనే పంచుకున్నాం, లేకపోతే కాగితం మీద లాభం కోసం అప్పు చెయ్యాలి. రెండు పంటలు దాటినా రాని బాకీని మేం లాభంలో కలపం.

అత్తారి వైపు వాళ్ళకిచ్చే అరువు ఇంకో తలనొప్పి. మా దగ్గరైతే చుట్టాలు కట్టకపోతే ఇప్పించినోడి ఖాతాలోకే పోతుంది. అప్పట్నుంచి నేను మా బావమరిదికి మందు డబ్బాలు ఇప్పించేటప్పుడు కాస్త ఆలోచిస్తున్నాలెండి.

ఇంటి ఖర్చుకి వేరే పుస్తకం, తలకింత అని. అన్నయ్యా వాళ్ళు నలుగురు, మేం ముగ్గురం, అమ్మ ఖర్చు కొట్టు మీద. పిల్లలు తినే అన్నానికి లెక్కేంటని వదిన నొచ్చుకుంది, నిజమే కదా, బియ్యం మా చేలో పండేవే, అందుకని బియ్యం, పాలు లెక్కలోంచి తీసేశాం. కరెంటు, గ్యాసు, కిరాణా వరకే పంచుకుంటాం.

ఇంకోటి, మీరు భాగస్థులైతే జీతం సంగతి కాగితం మీద రాసుకోండి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం ముందుగా ఒప్పందం లేకపోతే ఎంత కష్టపడినా జీతం అడిగే హక్కు ఉండదు, లాభం మాత్రం సమానంగా పంచాలి. రోజంతా కొట్లో ఉండేది ఒక్కరే అయితే ఇదే పెద్ద గొడవవుద్ది.

పాత లెక్కలు మాత్రం తవ్వకండి, తేలవు. ఒక ఆదివారం కొట్టు మూసి ఇద్దరూ కలిసి సరుకు, రావాల్సినవి, ఇవ్వాల్సినవి రాసి, మిగిలింది చెరిసగం అని సంతకాలు పెట్టుకోండి. మీ అన్నయ్య దీనికి కూడా ఒప్పుకోకపోతే ఖాతాలతో అయ్యే పని కాదు, మీ మేనమామనో ఆడిటర్‌నో మధ్యన కూర్చోబెట్టాల్సిందే.