ఆఫీసు నుంచి రాగానే మా ఆవిడ గదిలోకి వెళ్లిపోతుంది, నేనంటే ఇష్టం లేదనుకోవాలా?

ప్రశ్న: పెళ్లయి ఏడాదిన్నర. నాకు పక్కన కూర్చోవడం, చెయ్యి పట్టుకోవడం, దగ్గరికి తీసుకోవడం ఇవన్నీ కావాలి. తనేమో ఆఫీసు నుంచి రాగానే గంటసేపు ఎవరూ ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు అంటుంది. అడిగితే గొడవ, అడక్కపోతే లోపల బాధ. ఈ విషయం ఎలా మాట్లాడాలి?

జవాబు: మీ ఇంట్లో మీ ఆవిడ ఎలాగో మా ఇంట్లో నేను అలాగ అండీ, కాబట్టి తలుపు అవతలి వైపు నుంచి చెప్తాను. మాకు పెళ్లయి ఆరేళ్లు, మొదటి రెండేళ్లు అచ్చం ఇదే గొడవ.

నాది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం, ఇల్లు కేపీహెచ్‌బీలో. పొద్దున్నుంచి గ్లాసుకి అవతల మనిషి తర్వాత మనిషి, ఒకటో తారీకు వచ్చిందంటే పెన్షన్ పెద్దవాళ్లు, పాస్‌బుక్ ప్రింటు పడలేదని కేకలు. అది అయ్యాక మెట్రో, అమీర్‌పేట దగ్గర ఎక్కే జనానికి ఎవరి మోచెయ్యి ఎవరికి తగుల్తోందో కూడా తెలీదు. ఇంటికొచ్చేసరికి ఏడుంపావు. మా ఆయనది వర్క్ ఫ్రం హోమ్, పొద్దున్నుంచి ల్యాప్‌టాప్ తప్ప మనిషి మొహం చూడడు, స్విగ్గీ అబ్బాయి వస్తే అతనితోనే రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడతాడు పాపం. నేను చెప్పులు విప్పకముందే వచ్చి వెనక నుంచి పట్టుకునేవాడు, నేను విదిలించుకునేదాన్ని. పొద్దున్నుంచి పస్తున్నవాడు, పెళ్లి భోజనం చేసొచ్చినదానికి ప్రేమగా ముద్ద కలిపి పెడితే ఎలా ఉంటుందో అలా ఉండేది. ముద్ద మీద కోపం కాదు, పెట్టేవాడి మీద అంతకంటే కాదు, కానీ ఆ క్షణంలో మొహం మాత్రం కోపంగానే కనబడుతుంది కదా.

దాంతో ఏమయ్యేదంటే, నేను విదిలించుకున్నానని తనకి భయం వేసి ఇంకా దగ్గరికి వచ్చేవాడు, తను వస్తున్నాడని నేను ఇంకా ముందే గదిలోకి పారిపోయేదాన్ని, ఒక దశలో బాత్రూంలో గీజర్ వేసుకుని ఊరికే బకెట్ మీద కూర్చున్న రోజులున్నాయి, నవ్వకండి.

మేం చేసిన పెద్ద తప్పు ఆ గొడవని అప్పటికప్పుడే తేల్చుకోవాలనుకోవడం, అంటే గుమ్మంలో గానీ, రాత్రి లైటు తీసేశాక గానీ. ఆ రెండు టైముల్లో ఏం మాట్లాడినా ఒకరు అడుక్కుంటున్నట్టు, ఇంకొకరు కాదంటున్నట్టే వినబడుతుంది. కాస్త దారికొచ్చింది ఒక ఆదివారం పొద్దున, రైతుబజార్‌కి బండి మీద వెళ్తూ. బండి మీద ఒకరి మొహం ఒకరికి కనబడదు, అది చాలా పనికొచ్చింది. అప్పుడన్నాడు, "చిన్నప్పుడు మా నాన్నకి కోపమొస్తే తలుపేసుకునేవాడు, మూడ్రోజులు మాట్లాడేవాడు కాదు, నువ్వు తలుపేస్తే నాకు అదే గుర్తొస్తుంది" అని. నాకు నోట మాట రాలేదు. నాకు తలుపంటే విశ్రాంతి, తనకి తలుపంటే శిక్ష. నా సంగతి నేనూ చెప్పాను, మా ఇంట్లో అమ్మానాన్న ఒకర్ని ఒకరు తాకడం నేనెప్పుడూ చూళ్లేదు, ప్రేమంటే మా అమ్మకి ఆయన వచ్చేదాకా పప్పు వేడిగా ఉంచడమే. తనది రాజమండ్రిలో ఉమ్మడి కుటుంబం, నానమ్మ పక్కలో నలుగురు పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి పడుకున్న ఇల్లు. కాబట్టి మీరు కూడా "నీకు నేనంటే ఇష్టం లేదా" అని అడక్కండి, దానికి ఎవరైనా "ఉంది" అనే అంటారు, మీరు నమ్మరు. "నువ్వు తలుపేసుకున్నప్పుడు నాకు ఇలా అనిపిస్తుంది, నీకు లోపల ఏం జరుగుతోంది" అని అడగండి.

తర్వాత మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాగానే నేనే వెళ్లి తన భుజం మీద చెయ్యేసి ఒక్క నిమిషం నిలబడతాను, తర్వాత గదిలోకి వెళ్తాను, తలుపు దగ్గరగా వేస్తాను కానీ గడియ పెట్టను. ఆ తర్వాత తనే వెతుక్కుంటూ రాకూడదు, నేనే బయటికి రావాలి. ఇదే అసలు కిటుకు అండీ. ఒంటరిగా ఉండాలన్నవాళ్లే తిరిగి దగ్గరికి రావాలి, లేకపోతే అవతలి మనిషి ఎప్పుడూ తలుపు కొట్టేవాడిగానే మిగిలిపోతాడు. ఉత్త "వద్దు" అనకుండా "ఇప్పుడొద్దు, ఎనిమిదికి వస్తా" అంటే ఆ మాటకే సగం నొప్పి తగ్గుతుంది.

మొదటి వారం ఫెయిల్. ఒకరోజు నేను నిద్రపోయి తొమ్మిదికి లేచాను, తను మూతి ముడుచుకుని ఒక్కడే తినేశాడు. ఇంకోరోజు ఏడూ యాభైఐదుకే గుమ్మంలో నిలబడి "ఇంకా ఐదు నిమిషాలుంది కదూ" అంటున్నాడు, ఆ ఐదు నిమిషాలు నాకు జైలు. గడియారం మానేసి కుక్కర్‌కి మారాం. ఏడున్నర దాటాక తను అన్నం పెడతాడు, మూడు విజిల్స్ వచ్చి స్టౌ ఆపాక ఆవిరి దిగేలోపు నేను వచ్చేస్తాను. ఎవరూ ఎవర్నీ పిలవక్కర్లేదు. ఇంకో రూలు, గదిలోకి ఫోన్ తీసుకెళ్లను, నేను రీల్స్ చూస్తూ నవ్వుకుంటుంటే బయట ఉన్నవాడికి కాలదా మరి.

ఇంకో విషయం మీ ఆవిడ మీతో అనకపోవచ్చు, నాకే చెప్పడానికి ఏడాది పట్టింది. వీపు మీద చెయ్యేస్తే అది అక్కడితో ఆగదేమో, నేను కదలకుండా కూర్చుంటే సరేనన్నట్టు అయిపోతుందేమో అని, ఆ తర్వాతది వద్దనిపించిన రోజు మామూలుగా చెయ్యి పట్టుకున్నా లాక్కునేదాన్ని. ఇది చెప్తే మొదట "ఛ, నేను ఊరికే కూర్చున్నా" అన్నాడు, కాసేపాగి "ప్రతిసారీ ఊరికే కాదులే" అని ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి సోఫాలో కూర్చున్నప్పటిది సోఫా వరకే, వేరే ఉద్దేశం ఉంటే ఎవరైనా నోటితో అడగాలి, వద్దంటే మళ్లీ అడగకూడదు, అలగకూడదు. విచిత్రమేంటంటే అది ఖాయమయ్యాక నేనే తన ఒళ్లో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం మొదలైంది.

మా ఆయన సగం భారం ఇంకోచోట దింపుకున్నాడు, వారానికి రెండు సాయంత్రాలు షటిల్‌కి వెళ్తాడు. రోజంతా మాట్లాడటానికి, నవ్వడానికి నేనొక్కదాన్నే ఉంటే ఏడుంపావుకి వచ్చే నా మీద ఆ ఆకలంతా పడిపోయేది. మీరు కూడా ఇంట్లోంచే పనిచేస్తుంటే ఇది చూసుకోండి.

అయితే ఇది అలసటకి పనికొచ్చే పద్ధతి. సెలవు రోజుల్లో, ఊరెళ్లినప్పుడు కూడా మీ ఆవిడ దూరంగానే ఉంటే, లేదా ముందు బాగానే ఉండి ఈమధ్యే మారితే, లేదా దగ్గరవడం నొప్పిగా ఉందంటే అది వేరే సంగతి, కుక్కర్ విజిల్స్‌తో తేలదు. డాక్టర్‌కి చూపించుకోవడమో, ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్లడమో చెయ్యాలి. మీ అత్తగారికో అమ్మగారికో చెప్పి పంచాయితీ మాత్రం పెట్టించకండి, మా ఇంట్లో ఒకసారి అయింది, అది మర్చిపోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

అత్తయ్యగారు వచ్చి ఉన్న నెలరోజులూ మా పద్ధతి మొత్తం పోతుంది, హాల్లో పక్కపక్కన కూర్చోలేం, నేను గదిలోకి వెళ్తే "అమ్మాయికి ఒంట్లో బాగోలేదా" అని ఆవిడ వెనకే వస్తారు. అప్పుడు రాత్రి చెత్తబుట్ట కింద పెట్టి వచ్చే వంకతో ఇద్దరం దిగి, అపార్ట్‌మెంట్ చుట్టూ ఒక రౌండ్ వేసొస్తాం. లిఫ్టులో మాత్రం చెయ్యి పట్టుకుంటాడు.